సాంపిల్ హిమోలైజ్ అయిందని మళ్ల మళ్ల తియ్యమంటున్నరు, తప్పెక్కడ?

"నమస్తే సార్, మాది దేవరకొండ దగ్గర ఊరు. డీఎంఎల్‌టీ సెకండియర్, నల్గొండల ఒక ప్రైవేట్ ల్యాబ్‌ల ట్రైనింగ్ చేస్తున్న. నరం దొరుకుతది, బ్లడ్ కూడా వస్తది, కానీ వారానికి మూడు నాలుగు సాంపిల్స్ హిమోలైజ్ అయినయని మళ్ల తియ్యమంటున్నరు. ఈ లైన్ నాకు సెట్ కాదేమో, మానేసి డిగ్రీల చేరాల్నా?"

మానెయ్యకు బిడ్డా. నరం దొరకనోళ్లకు నేర్పుడు కష్టం, నీకు దొరుకుతున్నది, పాడైతున్నది ఆ తర్వాత చేతుల. నేను ఈ సలహాలు చెప్పుడు మొదలుపెట్టక ముందు పదేండ్లు సిరంజి పట్టిన, నీ లెక్కనే చీవాట్లు తిన్న, అందుకే నీకు ఒక్క పొటాషియం గురించే చెప్త, అది అర్థమైతే మిగతాది దాని ఎనకనే వస్తది.

నేను కొత్తగ చేరినప్పుడు హాలియా దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చిండు, షుగర్ ఉంది, కాళ్ల వాపు. చేతుల నరాలు సన్నగ ఉన్నయి. నేను టోర్నికే కట్టి, "తాతా పిడికిలి మూసి తెరువు, మూసి తెరువు" అనుకుంట రెండు మూడు నిమిషాలు వెతికిన, ఆఖరికి సన్నటి 24 గేజ్ నీడిల్ పెట్టి, బ్లడ్ మెల్లగ వస్తున్నదని ప్లంజర్ గట్టిగ గుంజిన, తర్వాత నీడిల్ తియ్యకుండనే ట్యూబ్ మూతల గుచ్చి బలంగ నొక్కిన. రిపోర్ట్ పొటాషియం 6.8. మామూలుగ 3.5 నుంచి 5 దాక ఉండాలె. డాక్టర్ గారు ఉరుకులు పరుగులు, ఈసీజీ తీస్తే ఏం తేడా లేదు, క్రియాటినిన్ కూడా బానే ఉంది. అప్పుడు సీనియర్ వచ్చి నా ట్యూబ్ వెలుతురుకు పట్టి చూపెట్టిండు, సీరం లేత పసుపు ఉండాల్సింది రూహఫ్జా నీళ్ల లెక్క ఎర్రగ ఉంది. మళ్ల సరిగ్గ తీస్తే 4.3.

ఎందుకట్ల అంటే, ఎర్ర కణం లోపట పొటాషియం బయట సీరంల ఉన్నదానికంటే ఇరవై రెట్లకు పైనే ఉంటది. కణం పగిలితే అదంత సీరంల కలుస్తది. ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ కూడా అట్లనే పెరుగుతయి, అవి కూడా కణం లోపటి సరుకే. పేషెంట్ ఒంట్ల ఏం కాలె, మన సిరంజిల అయింది.

ఇంకో మాట చాలామందికి తట్టదు. ఎక్కువ చూపెట్టుడే కాదు, తక్కువను దాస్తది కూడా. వాంతులు విరేచనాలయి వచ్చినోళ్లకు అసలు పొటాషియం 2.9 ఉందనుకో, సాంపిల్ హిమోలైజ్ అయి 4.0 వస్తే అందరు నార్మల్ అని ఊకుంటరు. అందుకే "జర ఎర్రగుంది కదా, కొంత తగ్గించి రాద్దాం" అనే లెక్క ఎక్కడన్న చూస్తే దూరం జరుగు, మళ్ల తీసుడే పద్ధతి.

ఇగ నీ చేతుల సంగతి. పెద్దోళ్లకు 21 లేదా 22 గేజ్ వాడు, 23 సన్నటి నరాలకు, పిల్లలకు. స్పిరిట్ రాసినంక ఒక అర నిమిషం ఆరనియ్యి, తడి మీద గుచ్చితే పేషెంట్‌కు మంట, స్పిరిట్ లోపలికి పోతే కణాలు కూడా పగులుతయి. ఊదొద్దు, నీ నోటి గాలి మళ్ల అక్కడ పడ్తది. ప్లంజర్ మెల్లగ గుంజు, బ్లడ్ ఎంత వస్తే అంతనే. ట్యూబ్‌ల పోసేటప్పుడు నీడిల్ తీసి డబ్బాల వేసి, మూత తెరిచి, ట్యూబ్ గోడ మీదికెల్లి జారనియ్యి. వాక్యూటైనర్ ఉంటే ఈ పంచాయితీ సగం తక్కువ. కలిపేటప్పుడు కిందికి మీదికి మెల్లగ తిప్పుడే, దగ్గు మందు సీసా ఊపినట్టు ఊపొద్దు. ఎర్ర మూత ట్యూబ్ గడ్డకట్టనీకి అర గంట ఆగకుండ సెంట్రిఫ్యూజ్‌ల పెట్టినా ఖరాబే.

టోర్నికే గుచ్చే చోటుకు మూడు నాలుగు వేళ్ల పైన కట్టు, ఒక్క నిమిషం దాటొద్దు. నరం దొరకకపోతే విప్పెయ్యి, రెండు నిమిషాలు ఆగి మళ్ల కట్టు, లేకుంటే ఇంకో చెయ్యి చూడు. బ్లడ్ ట్యూబ్‌లకు రాంగనే విప్పు, నీడిల్ తీసేదాక ఉంచకు. ఎక్కువ సేపు కట్టితే నీళ్లు నరం బయటికి పోయి లోపలున్నది చిక్కబడ్తది, ప్రొటీన్, కాల్షియం, కణాల కౌంట్ అన్నీ కొంచెం పెరిగినట్టు కనిపిస్తయి. పిడికిలి పదే పదే మూసి తెరిపిస్తే పొటాషియం ఇంకా పెరుగుతది, ఒక్కసారి మూసి పట్టుకోమంటే చాలు. మా తాత కేసుల నేను ఈ రెండూ చేసిన.

ఆర్డర్ ఆఫ్ డ్రా అని మీకు బట్టీ పట్టిస్తరు, ఇంటర్వ్యూల కూడా అడుగుతరు. బ్లడ్ కల్చర్ ముందు, తర్వాత లేత నీలం సిట్రేట్, ఎరుపు లేదా పసుపు సీరం ట్యూబ్, ఆకుపచ్చ హెపారిన్, ఊదా ఈడీటీఏ, ఆఖరుకు గ్రే ఫ్లోరైడ్. ఎందుకో తెలిస్తే బట్టీ అక్కర్లే. ఊదా ట్యూబ్‌ల ఉండేది పొటాషియం ఈడీటీఏ. దాన్ని ముందు నింపి, ఆ నీడిల్‌తోటి ఎర్ర ట్యూబ్ నింపితే, లేకపోతే ఊదాల ఎక్కువైంది కదా అని ఎర్ర దాంట్ల ఒంపితే, పొటాషియం 9 అట్ల ఎగిరిపోతది, కాల్షియం ఈడీటీఏ పట్టేసుకుంటది కాబట్టి 5 కిందికి పడ్తది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా తగ్గుతది. అసలు మోసం ఏందంటే సీరం శుభ్రంగ పసుపే ఉంటది, ఎర్ర రంగు చూసి పట్టేటోళ్లకు దొరకదు.

అందుకే పొటాషియం ఎక్కువొచ్చినప్పుడు మూడు చూడు. సీరం ఎర్రగుంటే హిమోలైసిస్. పసుపే ఉండి కాల్షియం అడుగంటితే ఈడీటీఏ కలిసింది. పసుపే ఉండి, కాల్షియం మంచిగుండి, పొటాషియం కొంచెమే ఎక్కువైతే పిడికిలి, టోర్నికే సంగతి యాది చేసుకో. మూడూ కాకపోతే నిజంగనే ఎక్కువుండొచ్చు, డాక్టర్‌కు వెంటనే ఫోన్ చెయ్యాలె. ఇంకొకటి, మంచిగ తీసిన రెండో సాంపిల్ కూడా ఎర్రగనే వస్తే నీ తప్పనుకోకు, పాము కాటు, తప్పు గ్రూప్ రక్తం ఎక్కిచ్చుడు లాంటివాటిల ఒంట్లనే కణాలు పగులుతయి, ఆ మాట డాక్టర్‌కు చెప్పుడు నీ డ్యూటీ.

రేపటి నుంచి చిన్న నోట్‌బుక్ పెట్టుకో. రిజెక్ట్ అయిన ప్రతి సాంపిల్‌కు ఏ గేజ్, టోర్నికే ఎంతసేపు, సిరంజా వాక్యూటైనరా, ట్యూబ్‌ల ఎట్ల పోసినవ్ అని నాలుగు మాటలు రాయి. నా అంచనా నువ్వు నీడిల్ తియ్యకుండ నొక్కుతున్నవ్, కాదంటే రెండు వారాలు రాసినంక ఆ నోట్‌బుక్ ఫొటో తీసి పంపు, చూస్త.