పదిహేనులో పన్నెండే నీవి

అమ్మాయీ,

సదస్సుకు రాసిన నీ ప్రసంగ పాఠం అందింది. మొదటి వాక్యం దగ్గరే ఊపిరాడక ఆగిపోయాను. "పోచంపల్లి, కొయ్యలగూడెం గ్రామాల్లో నూలుకు రంగు అద్దకముందే కట్టే కట్లను సూచించడానికి వాడే, నేటి తరం నేతగాళ్ళలో క్రమంగా అంతరిస్తున్న పదాలను ఈ పత్రం పరిశీలిస్తుంది." కాగితం మీద దీనికి వంక పెట్టలేం. చెవికి మాత్రం శిక్ష. మన భాషలో క్రియ చివర్న వస్తుంది. కట్టే, వాడే, అంతరిస్తున్న అని పేర్చుకుంటూ పోతే, సంగతేమిటో తేలేదాకా వినేవాడు అన్నిటినీ మోస్తూ కూర్చోవాలి. చదివేవాడైతే వెనక్కి వెళ్ళి చూసుకుంటాడు. వినేవాడికి ఆ వీలు లేదు.

ఇలా చెప్పు: "పోచంపల్లిలో నూలుకు రంగు వేసేముందు కట్లు కడతారు. ఆ కట్లకు పేర్లున్నాయి. ఇప్పటి కుర్రవాళ్ళకి అవి తెలియట్లేదు. నేను వాటిని ఏరుకొచ్చాను."

పూర్వం ఒక సంపాదకుడు నా చిన్న వాక్యాలన్నీ కలిపి కుట్టేసి "ఇప్పుడు ప్రౌఢంగా ఉంది" అన్నాడు. ఆ ప్రౌఢత్వం వదిలించుకోడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

పిలుపులో 15 నిమిషాలన్నారని పదిహేనుకీ రాశావు. ప్రశ్నలకు మూడు వదిలెయ్. గడియారం ముందు పెట్టుకుని పైకి చదువు. మనసులో చదివితే లెక్క తప్పుతుంది. నేను నిమిషానికి 90 మాటలు దాటను. 12 నిమిషాలకు 1,080. స్లైడు మారినప్పుడల్లా ఆగే క్షణాలు పోను వెయ్యి. నువ్వు పంపినవి 1,620, అంటే నా గొంతులో 18 నిమిషాలు.

వేగంగా చదివి సర్దుకోవాలని చూడకు, కొయ్యి. నూలు చుట్టే ఆసు చట్రం ఎలా ఉంటుందో ఆరు వాక్యాలు వర్ణించావు. ఆ ఆరూ తీసేసి ఫొటో వెయ్యి. "ఒక్క చీరకి చెయ్యి వేలసార్లు ఇటూ అటూ తిరగాలి" అను, చాలు. పద్నాలుగు వరసల పట్టిక కూడా వద్దు. నువ్వు మాట్లాడుతుంటే జనం దాన్ని చదువుతారు, రెండూ బుర్రకెక్కవు. మూడు పదాలే ఉంచు. స్లైడు వేశాక వాళ్ళు చదివేదాకా నోరు మూసుకో. పాఠంలో ఆ చోట "ఆగు" అని రాసుకో.

నా మొదటి సదస్సులో పీఠికకే తొమ్మిది నిమిషాలు పోశాను. నేను కనుక్కున్నది చివరి పేజీలో ఉంది. అధ్యక్షులవారు గంట కొట్టారు. ఆ పేజీ ఇప్పటికీ ఎవరూ వినలేదు. అందుకే నువ్వు కనుక్కున్నది మూడో నిమిషంలోనే చెప్పెయ్. మార్జిన్లో 4, 8 నిమిషాల గుర్తులు పెట్టుకో. ఎనిమిదో నిమిషానికి ఆ మూడు పదాలూ దాటకపోతే కొయ్యలగూడెం పోలిక మొత్తం వదిలెయ్. ఆ భాగాన్ని ముందే ఎర్ర పెన్సిలుతో చుట్టి, దాన్ని దాటించే వాక్యం పక్కనే రాసి ఉంచు. వేదిక మీద అప్పటికప్పుడు తట్టదు.

నువ్వడిగిన మిగతా ప్రశ్నల సంగతి తర్వాత. కోసిన పాఠం పంపు, పక్కన నీ గడియారం చూపిన నిమిషాలు వేసి.