బిల్లు ఫొటోను ఎక్సెల్‌కు ఎక్కించేటప్పుడు టోటల్ ఎందుకు కలవదు?

"సార్, మహబూబ్‌నగర్‌ల బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్న. క్లాక్ టవర్ దగ్గర ఒక టాక్స్ కన్సల్టెంట్ ఆఫీసుల పార్ట్‌టైం పని అడిగిన. షాపు బిల్లుల ఫొటోలు 30 ఇచ్చి, వస్తువులు, టోటల్, జీఎస్టీ ఎక్సెల్‌ల ఎక్కించి వారంల చూపెట్టుమన్నరు. ఫోన్‌ల స్కాన్ చేసి ఎక్కించిన గానీ సగం బిల్లుల టోటల్ కలుస్తలేదు. తప్పు ఏడ అవుతున్నదో చెప్పండి."

ముందు ప్రతి బిల్లులో ఒక విషయం చూడండి. వస్తువుల ధరలో పన్ను కలిసే ఉందా, లేక చివర్లో విడిగా కలిపారా? సూపర్ మార్కెట్ బిల్లులో ఉండేది ఎమ్మార్పీ లెక్క. అందులో జీఎస్టీ ముందే కలిసి ఉంటుంది. బిల్లు కింద కనిపించే పన్ను పట్టిక, ఆ ధరలో పన్ను ఎంతో విడదీసి చూపించడానికే. దాన్ని మళ్లీ కలిపితే టోటల్ పెరిగిపోతుంది. హోటల్ బిల్లు దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ సాధారణంగా ఐటమ్స్ మొత్తం వేసి, దాని మీద జీఎస్టీ కలుపుతారు. గుర్తుపట్టడం తేలిక: వస్తువుల మొత్తమే చెల్లించిన సొమ్ముకు సరిపోతే పన్ను లోపలే ఉన్నట్టు, పన్ను కలిపితేనే సరిపోతే బయట ఉన్నట్టు.

ఒక సూపర్ మార్కెట్ బిల్లు తీసుకుందాం. పేరు, సంఖ్య లేదా తూకం, ధర, మొత్తం ఇలా ఉన్నాయనుకోండి:

```
TOOR DAL 1KG     1       147.00   147.00
BATH SOAP        3        35.00   105.00
DETERGENT 2KG    1       236.00   236.00
ONION            1.245    32.00    39.84
```

మొత్తం 527.84. రౌండాఫ్ 0.16. చెల్లించింది 528.00. కింద పన్ను పట్టికలో 5 శాతం వరసలో పన్ను వేయదగ్గ విలువ 240.00, సీజీఎస్టీ 6.00, ఎస్జీఎస్టీ 6.00 అని ఉంది. 18 శాతం వరసలో 200.00, 18.00, 18.00.

చిక్కు ఏమిటంటే, ఏ వస్తువుకు ఎంత శాతమో చాలా బిల్లుల్లో వస్తువు పక్కన రాయరు. కొన్నింట్లో వస్తువుల పైన శీర్షికలా శాతం వేసి, దాని కింద ఆ గుంపు వస్తువులన్నీ రాస్తారు. అలాంటప్పుడు ఆ శాతాన్ని ప్రతి వరసలోనూ దింపుకోవాలి. శీర్షిక కూడా లేకపోతే పన్ను పట్టిక నుంచి వెనక్కి రండి. 18 శాతం వరసలో 200 కు 36 కలిపితే 236, అంటే డిటర్జెంట్ ఒక్కటే. 5 శాతం వరసలో 240 కు 12 కలిపితే 252. పప్పు 147, సబ్బులు 105 కలిపితే సరిగ్గా అంతే. మిగిలిన 39.84 ఉల్లిగడ్డలది, దానికి పన్ను లేదు.

ఈ పనిలో ఇంటర్నెట్‌లో రేటు చూసి వేయకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. స్నానం సబ్బు 18 నుంచి 5 శాతానికి దిగింది. మీకిచ్చిన కట్టలో అంతకు ముందటి బిల్లు ఉంటే అందులో సబ్బుకు 18 శాతమే సరైనది. బిల్లులో ఉన్నదే రాయాలి. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న దుకాణం బిల్లులో పన్నే ఉండదు, వాళ్లు వసూలు చేయకూడదు కూడా. అక్కడ మీరు లెక్కకట్టి పన్ను పుట్టించకూడదు.

ఇక షీటు. మొదటి షీటుకు Items అని పేరు పెట్టి, ఒక్కో వస్తువుకు ఒక్కో వరస ఇవ్వండి. A నుంచి G వరకు వరుసగా ఫొటో నంబరు, తేదీ, వస్తువు, సంఖ్య, ధర, మొత్తం, జీఎస్టీ శాతం. పన్ను లోపల కలిసిన బిల్లుకు తర్వాతి నాలుగు కాలమ్‌లు, H నుంచి K వరకు, ఇవి:

```
H2: =ROUND(F2*100/(100+G2),2)
I2: =ROUND(H2*G2/200,2)
J2: =I2
K2: =IF(ABS(D2*E2-F2)<0.05,"OK","CHECK")
```

G లో 5 అని రాయాలి. 5% అని రాస్తే ఎక్సెల్ దాన్ని 0.05 గా తీసుకుంటుంది, పన్ను దాదాపు సున్నా అయిపోతుంది. రౌండాఫ్‌ను వస్తువుల్లో కలపకండి. రెండో షీటులో ఒక్కో బిల్లుకు ఒక్క వరస పెట్టి, A లో ఫొటో నంబరు, పక్కన బిల్లు నంబరు, వస్తువుల మొత్తం, రౌండాఫ్, చెల్లించిన సొమ్ము, బిల్లులో ఉన్న పన్ను రాయండి. వస్తువుల మొత్తం ఇలా వస్తుంది:

```
=SUMIFS(Items!F:F,Items!A:A,A2)
```

రెండు షీట్లనూ ఫొటో నంబరుతో కలపమన్నది ఎందుకంటే, రెండు దుకాణాల బిల్లు నంబర్లు ఒకటే కావచ్చు. బిల్లు నంబరు కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి, లేకపోతే 000482 కాస్తా 482 అవుతుంది. తేదీలు కూడా ఒకసారి చూడండి. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 04-03 ని ఏప్రిల్ 3 గా తీసుకుంటుంది.

ఇప్పుడు తప్పు పట్టడం. స్కానర్ చుక్కను వదిలేసి 1.245 ను 1245 గా చదివితే K కాలమ్ వెంటనే పట్టిస్తుంది. 105 ను 165 గా చదివినా అంతే. కానీ సంఖ్య 1 ఉన్న వరసలో ధర, మొత్తం రెండూ ఒకేలా అచ్చయి ఉంటాయి కాబట్టి రెండూ ఒకేలా తప్పు పోవచ్చు. 147 రెండు చోట్లా 141 అయితే K లో ఓకే అనే వస్తుంది. దాన్ని పట్టేది 5 శాతం గుంపు లెక్క: 252 రావాల్సిన చోట 246 వస్తుంది. వెతకాల్సింది ఆ గుంపులోని రెండు వరసల్లోనే, బిల్లంతా కాదు.

మొత్తం 236 తగ్గితే, 18 శాతం గుంపు ఖాళీగా ఉంటే, డిటర్జెంట్ వరస మొత్తం పోయినట్టు. ఇది ఎక్కువగా కాగితం మడత మీద జరుగుతుంది. పొడుగు బిల్లును రెండు ఫొటోలుగా తీసి, రెండింటికీ ఒకే నంబరు ఇచ్చినప్పుడు రెండింట్లోనూ పడిన వరసలు రెండుసార్లు ఎక్కుతాయి, అప్పుడు తేడా సరిగ్గా ఆ వస్తువు ధరంత ఎక్కువ ఉంటుంది. తేడా ఏ వస్తువు ధరతోనూ కలవకపోతే డిస్కౌంట్ వరస ఏదైనా ఉందేమో వెతకండి. పైసల్లో తేడా మాత్రం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పన్నును వస్తువుకు విడిగా లెక్కకట్టిందా, గుంపు మొత్తం మీద కట్టిందా అన్నదాన్ని బట్టి వస్తుంది. అలాంటి చోట బిల్లులో అచ్చయిన పన్నునే రెండో షీటులో ఉంచండి.

స్కానింగ్‌కు ఫోన్‌లోని ఎక్సెల్ యాప్‌లో ఫొటో నుంచి డేటా తీసే సదుపాయం సరిపోతుంది. కంప్యూటర్‌లో చేయాలంటే ఉచితంగా దొరికే టెసరాక్ట్ ఉంది. కాలమ్‌ల మధ్య ఖాళీలు చెరిగిపోకుండా ఇలా నడపండి:

```
tesseract p07.png p07 --psm 6 -c preserve_interword_spaces=1
```

ఫొటోలే మసకగా ఉంటే ఏ సాధనమూ నిలబెట్టలేదు. అసలు బిల్లులు ఆఫీసులో ఉంటే అడిగి, ముదురు రంగు బల్ల మీద పరిచి, ఫ్లాష్ లేకుండా నిటారుగా పైనుంచి మళ్లీ తీయండి. థర్మల్ కాగితం వేడికి నల్లబడుతుంది, రోజులు గడిచేకొద్దీ అచ్చు వెలిసిపోతుంది. పాత బిల్లుల్లో కొన్ని అంకెలు ఇక దొరకవు.

అలాంటి అంకెను టోటల్ నుంచి తీసివేసి రాబట్టవచ్చు, కానీ ఒక బిల్లులో ఒక్కటే పోయినప్పుడు మాత్రమే. రాబట్టిన సెల్‌కు పసుపు రంగు వేసి, పక్కన "లెక్కతో తేలింది" అని రాయండి. రెండు అంకెలు పోయిన బిల్లును ఖాళీగా వదిలి, ఫొటో నంబరుతో విడిగా జాబితా చేసి ఆఫీసు వాళ్లకు ఇవ్వండి. ఖాళీ సెల్‌లో సున్నా వేస్తే మాత్రం ఆ బిల్లుకు పన్ను లేదని వాళ్లు అనుకుంటారు.