గ్రూప్ ఫోటోలో నాన్న కళ్ళు మూసుకున్నారు, ఫేస్ స్వాప్‌కి ఏ ఫోటో తీసుకోవాలి?

ప్రశ్న: అమ్మానాన్నల పెళ్లిరోజుకి ఆర్కే బీచ్‌లో గ్రూప్ ఫోటో తీసుకున్నాం. అందరూ బాగా వచ్చారు, నాన్న ఒక్కరే కళ్ళు మూసేశారు. ఆయనవి వేరే ఫోటోలు చాలా ఉన్నాయి. ముఖం మార్చడానికి ఏది పనికొస్తుందో ఎలా తెలుస్తుంది? యాప్‌లో పెట్టి చూశాను, కళ్ళు మూసే ఉంటున్నాయి.

జవాబు: ముందు ఆ యాప్ సంగతి చెప్తాను. చాలా ఫేస్ స్వాప్ యాప్‌లు మీరిచ్చిన ఫోటోలోంచి మనిషి పోలిక మాత్రమే తీసుకుంటాయి. తల ఎటు తిరిగింది, కళ్ళు తెరిచాయా మూశాయా, నవ్వుందా లేదా అన్నవి గ్రూప్ ఫోటోలో ఎలా ఉంటే అలాగే ఉంచేస్తాయి. నాన్నగారి ముఖం మీద నాన్నగారి పోలికే పెడితే కళ్ళు మూసే ఉంటాయి, ఫోటో ఎంత మంచిదిచ్చినా అంతే. మీకు కావలసింది ఇంకో ఫోటోలోని కళ్ళను ఉన్నదున్నట్టు తెచ్చి, ఫోటోషాప్‌లోనో, బ్రౌజర్‌లో తెరుచుకునే ఫోటోపీలోనో లేయర్‌గా, అంటే గ్రూప్ ఫోటో మీద ఇంకో పొరగా అతికించడం. అలా చేసేటప్పుడు ఫోటో ఎంపికలోనే సగం పని అయిపోతుంది.

మా బాబాయి ఫోటోకి నేను సరిగ్గా ఇదే పని చేశాను. అదీ ఆర్కే బీచ్‌లోనే, డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో తీసింది. వెనక సముద్రం, ముఖాలు ఊరివైపు. మన బీచ్‌లో సముద్రం ఆగ్నేయంగా ఉంటుంది కాబట్టి, అలా నిలబడ్డవాళ్ళకి చలికాలం సాయంత్రపు ఎండ ఎడమ పక్కనుంచి పడుతుంది. బాబాయి ఎడమ చెంప వెలుగులో ఉంది, ముక్కు నీడ కుడి చెంప మీద పడింది. తల కొద్దిగా కుడివైపు తిరిగి ఉంది, నోరు మూసి చిన్నగా నవ్వుతున్నాడు. పిన్ని నాలుగు ఫోటోలు పంపింది.

మొదటిది పాస్‌పోర్ట్ ఫోటో. ఎవరైనా ముందు దాన్నే తీస్తారు, ఎందుకంటే అన్నిటికన్నా స్పష్టంగా ఉంటుంది. కానీ స్టూడియోలో రెండువైపులా లైట్లు పెడతారు, ముక్కు నీడే ఉండదు. పైగా తల తిన్నగా ఉంటుంది. తల కోణం కంటితో అంచనా వేయకుండా కొలిచి చూడండి. ముక్కు కొన నుంచి ఒక్కో కంటి బయటి చివరకి ఎన్ని పిక్సెళ్ళో చూసి, ఆ రెండు దూరాలనూ పోల్చాలి. బాబాయి గ్రూప్ ఫోటోలో అవి దాదాపు మూడుకి రెండుగా ఉన్నాయి. పాస్‌పోర్ట్ ఫోటోలో రెండూ సమానం. పక్కకి వాలిన తలను లేయర్ తిప్పి సరిచేయొచ్చు. కుడికో ఎడమకో తిరిగిన తలనీ, గడ్డం పైకెత్తిన తలనీ అలా సరిచేయలేం, ఎందుకంటే కెమెరాకి కనబడని చెంప ఆ ఫోటోలో అసలు లేదు. అందుకే నేను ముందు కోణం చూస్తాను, అక్కడ తప్పితే మిగతావి చూడకుండానే పక్కన పెట్టేస్తాను.

రెండోది కైలాసగిరి మీద తీసుకున్న సెల్ఫీ. నవ్వు చాలా బాగుంది, కోణం కూడా దగ్గరగానే ఉంది. అయినా కుదరలేదు. చేయి చాపినంత దూరంలో తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. గ్రూప్ ఫోటో బాగా వెనక్కి వెళ్ళి తీస్తారు కాబట్టి ముఖం కొలతలే వేరు. ఇది పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఎంచుకున్న ముఖాన్ని గ్రూప్ ఫోటో మీద లేయర్‌గా పెట్టి, కింది ఫోటో కూడా కనబడేలా ఒపాసిటీ 50 శాతానికి తగ్గించి, కళ్ళ మీద కళ్ళు కలిసేలా జరపండి. కళ్ళు కలిశాక ముక్కు కొన, పెదవులు, గడ్డం కూడా వాటంతట అవే కలవాలి. కలవలేదంటే కోణమో దూరమో తేడా ఉన్నట్టే. దాన్ని సాగదీసి సరిపెట్టాలని చూస్తే పోలిక మారిపోతుంది, అమ్మగారు చూడగానే పట్టేస్తారు.

మూడోది ఓ పెళ్లి ఫోటో. కోణం సరిగ్గా సరిపోయింది, కెమెరా మంచిది, కళ్ళు కూడా చక్కగా తెరిచి ఉన్నాయి. కానీ వీడియో లైటు కుడి పక్కనుంచి పడింది. ఇలాంటప్పుడు ఫోటోని అద్దంలోలా తిప్పేద్దాం అనిపిస్తుంది. తిప్పితే వెలుగుతోపాటు తల కోణం కూడా తిరిగిపోతుంది. కాబట్టి రెండూ వ్యతిరేకంగా ఉన్నప్పుడే ఆ ఉపాయం పనిచేస్తుంది, ఒక్కటే తేడా ఉంటే కాదు. తిప్పితే పుట్టుమచ్చ, పాపిడి, ఆడవాళ్ళకైతే ముక్కుపుడక కూడా అటుదిటు అవుతాయి. వెలుగు పోల్చేటప్పుడు రెండు ఫోటోలనూ బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. రంగుల తేడా తర్వాత సరిచేసుకోవచ్చు, అది మనల్ని అనవసరంగా కంగారు పెడుతుంది. చూడాల్సింది ముక్కు నీడ ఎటు పడింది, ఆ నీడ అంచు గట్టిగా ఉందా మెత్తగా ఉందా, కనుపాపలో మెరుపు ఏ పక్కన ఉంది అన్నవే. ఉదయం బీచ్‌లో తీసిన ఫోటోలు ఉంటే వాటినీ వదిలేయండి. సూర్యుడు సముద్రం వైపునుంచి వస్తాడు కాబట్టి, వెనక సముద్రం పెట్టుకుని తీస్తే ముఖాలు నీడలోనే ఉంటాయి.

నాలుగోది అదే సాయంత్రం, కొన్ని నిమిషాల ముందు తీసిన ఫోటో. బాబాయి ఎవరితోనో మాట్లాడుతున్నాడు, నోరు సగం తెరిచి ఉంది. పిన్ని అయితే దీన్ని పంపడానికే మొహమాటపడింది. కానీ కోణం, దూరం, ఎండ మూడూ కలిశాయి. లోపం సైజులో ఉంది. రెండు కనుపాపల మధ్య దూరం గ్రూప్ ఫోటోలో 52 పిక్సెళ్ళు, ఇందులో 34. చిన్నదాన్ని సాగదీస్తే మసకబారుతుంది, పెద్దదాన్ని తగ్గిస్తే ఏ ఇబ్బందీ లేదు. అయితే అది వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో, వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది. తీసిన మా బావని అడిగి ఒరిజినల్‌ని డాక్యుమెంట్‌గా పంపించుకుంటే 60 పిక్సెళ్ళు వచ్చాయి. కొద్దిగా తగ్గించుకుంటే చాలు. ఫోటో మసకగా ఉందని వదిలేసే ముందు ఒరిజినల్ దొరుకుతుందేమో అడగండి.

నోరు కలవలేదు కాబట్టి ముఖమంతా మార్చలేదు, కనుబొమలనుంచి చెంప ఎముక దాకా మాత్రమే తీసుకున్నాను. ఇక్కడ హావభావం జాగ్రత్తగా చూడాలి. నిజంగా నవ్వినప్పుడు చెంపలు పైకి లేచి కింది రెప్పల్ని నొక్కుతాయి, కళ్ళు కాస్త చిన్నవవుతాయి. నవ్వుతున్న నోటిపైన పాస్‌పోర్ట్ ఫోటోలోని కళ్ళు పెడితే మనిషి ఉలిక్కిపడ్డట్టు కనిపిస్తాడు. బాబాయి మాట్లాడుతున్నా ఏదో సరదా మాటే కాబట్టి కింది రెప్పలు సరిపోయాయి, చూపు కూడా కెమెరావైపే ఉంది. చూపు పక్కకి ఉంటే మాత్రం మిగతావన్నీ కుదిరినా అది వద్దు. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుంటే కళ్ళను విడిగా కాకుండా ఫ్రేమ్‌తో సహా తీసుకోండి, లేకపోతే అద్దంలో మెరుపు మధ్యలో తెగిపోతుంది.

మీరూ ముందు ఆ రోజు ఫోన్లన్నీ వెతకండి. తమ్ముడు తీసినవి, అక్క తీసినవి, వీడియో ఉంటే అదీ చూడండి. వీడియో ఫ్రేమ్‌లో ముఖం సాధారణంగా చిన్నగా వస్తుంది, కనుపాపల దూరం కొలిచాకే తీసుకోండి. ఏదీ దొరక్కపోతే, నాన్నగారు ఊళ్ళోనే ఉంటే ఎండ ఉన్న రోజు చూసుకుని అదే వేళకి బీచ్‌కి తీసుకెళ్ళండి. అదే చోట, అటే తిరిగి నిలబెట్టి, ముందు తీసిన ఫోన్‌తోనే అంతే దూరంనుంచి పది, పదిహేను ఫోటోలు తీయండి. బ్యూటీ మోడ్ ఆపేయండి, లేకపోతే చర్మం నున్నగా వచ్చి పక్కవాళ్ళ ముఖాలతో కలవదు. గ్రూప్ ఫోటోని ఫోన్‌లో తెరిచి దగ్గర పెట్టుకుని, ముక్కు నీడ అక్కడ ఎంత పొడవు ఉందో ఇక్కడా అంతే వచ్చేదాకా ఆగి అప్పుడు తీయండి. నెలలు గడిచిపోతే ఎండ పడే వైపు మారిపోతుంది, వీలైతే ఈ వారంలోనే వెళ్ళండి.