ముందు సందు కంటే పక్క పళ్ళు ముఖ్యం

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పాపకి 4 ఏళ్ళ 3 నెలలు. చిన్నప్పుడు తేనెపీక అలవాటు చేశాం. రెండేళ్ళకి అది మాన్పిస్తే కుడి బొటనవేలు చీకడం మొదలుపెట్టింది. పడుకున్నా, టీవీ చూస్తున్నా నోట్లో వేలే. ఇప్పుడు పళ్ళు కరిచినా ముందు సందులోంచి నాలుక కనబడుతోంది. నోరు మూస్తే గడ్డం కొంచెం కుడికి పోయినట్టుంది. అంగన్‌వాడీలో ‘స’ సరిగా పలకట్లేదంటున్నారు. వేలికి వేపనూనె రాయమని మా అత్తగారు చెప్తున్నారు. 8 నెలల బాబుకీ తేనెపీక ఉంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు సందు గురించి కంగారు పడుతున్నారు గానీ, నన్ను ఆలోచింపజేసింది మీరు మధ్యలో ఒక్క ముక్కలో రాసిన గడ్డం సంగతి. ముందు పళ్ళ మధ్య సందు ఈ వయసులో చాలామంది పిల్లలకు వేలు మానాక దానంతటదే పూడుతుంది. గడ్డం పక్కకు పోవడం మాత్రం చాలాసార్లు అలా సర్దుకోదు. ఈ రెంటికీ మూలం ఒకే వేలు. అది నోట్లో ఏం చేస్తుందో తెలిస్తే ఈ తేడా అర్థమవుతుంది.

బొటనవేలు నోట్లో ఉన్నప్పుడు పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య పుల్ల అడ్డం పెట్టినట్టు ఉంటుంది. ముందు పళ్ళు ఎదురెదురుగా దిగలేవు, ఉన్నచోటే ఆగిపోతాయి. అదే సమయంలో వెనక పళ్ళు ఒకదానికొకటి తగలవు కాబట్టి ఇంకాస్త పైకి వస్తాయి. వెనక కొంచెం పెరిగినా ముందు సందు ఎక్కువగా కనిపిస్తుంది. దీన్నే మేం ఓపెన్ బైట్ అంటాం. వేలు పై పళ్ళను ముందుకీ, కింది పళ్ళను లోపలికీ నెడుతుంది కూడా. వేలు తీసేస్తే అడ్డు పోయింది కాబట్టి పళ్ళు మళ్ళీ దిగుతాయి. పాల పళ్ళు ఊడి 6 నుంచి 8 ఏళ్ళ మధ్య కొత్త ముందు పళ్ళు వచ్చేలోపు అలవాటు పోతే ఆ కొత్త పళ్ళు మామూలుగానే దిగే అవకాశం ఎక్కువ. మీకు ఇంకా సమయం ఉంది.

పక్కల జరిగేది వేరు. నోట్లో ఏమీ లేనప్పుడు నాలుక అంగిలికి ఆనుకుని, పై దవడ ఇరుకు కాకుండా లోపల్నుంచి ఆసరా ఇస్తుంది. వేలు గానీ తేనెపీక గానీ నోట్లో ఉంటే నాలుక కిందికి జారుతుంది. చీకేటప్పుడు బుగ్గలు బయటి నుంచి లోపలికి నొక్కుతాయి. లోపల ఆసరా లేదు, బయట ఒత్తిడి ఉంది. దాంతో పై దవడ, ముఖ్యంగా కోరపళ్ళ దగ్గర, సన్నబడుతుంది. సన్నబడిన పై దవడ, వెడల్పు మారని కింది దవడ నేరుగా మూసుకుంటే రెండు పక్కలా పళ్ళ కొనలు ఒకదానికొకటి తగిలి నొక్కుకుంటాయి. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి బిడ్డ తెలియకుండానే కింది దవడను ఒక పక్కకు జరిపి పళ్ళు కలుపుతుంది. అలా పళ్ళు అడ్డంగా కలవడమే క్రాస్ బైట్. పీక మానాక వేలు పట్టిన పిల్లల్లో ఇది కనిపిస్తే, కొంత భాగం పీక రోజుల నాటిదే అయివుంటుంది. పక్క పళ్ళ క్రాస్ బైట్‌కి వేలు కంటే పీకే ఎక్కువగా కారణమవుతుంది.

మీ పాపకి అదేనో కాదో ఇంట్లో చూడొచ్చు. పగటిపూట కిటికీ ఎదురుగా కూర్చోబెట్టి, “వెనక పళ్ళతో కరువు” అని చెప్పి రెండు చూపుడు వేళ్ళతో పెదాల మూలలు మెల్లగా పక్కలకు లాగండి. మామూలుగా పై పళ్ళు కింది పళ్ళ మీద డబ్బా మూతలా చుట్టూ బయటికి ఉండాలి. కుడివైపు పై కోరపన్ను, దాని వెనక పళ్ళు కింది పళ్ళకు లోపల పడుతుంటే అది క్రాస్ బైట్. తర్వాత నోరు బాగా తెరిపించి నెమ్మదిగా మూయమనండి. పై రెండు ముందు పళ్ళ మధ్య గీత, కింది రెండు పళ్ళ మధ్య గీత చూస్తూ ఉండండి. తెరిచినప్పుడు రెండూ ఒకే వరసలో ఉండి, పళ్ళు తగిలే ఆఖరి క్షణంలో కిందిది కుడికి తప్పుకుంటే, దవడ ఎముక ఇంకా వంకర తిరగలేదు, పళ్ళు దాన్ని పక్కకు తోస్తున్నాయి అన్నమాట. ఇది సులువుగా సరిచేయగల దశ. నోరు తెరిచినప్పుడు కూడా కింది గీత పక్కకే ఉంటే దవడ పెరుగుదలలోనే తేడా ఉందేమో డాక్టర్ చూడాలి. ఏళ్ళ తరబడి దవడ పక్కకు మూస్తూ ఉంటే ఎముక కూడా ఆ వంకరకే అలవాటుపడి పెరుగుతుంది. అందుకే దీన్ని కొత్త పళ్ళొచ్చేదాకా వదిలేయమని నేను చెప్పను.

సందు కొలవడానికి ఐస్‌క్రీమ్ పుల్ల చాలు. అది దాదాపు 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పళ్ళు కరిచినప్పుడు సందులో ఎన్ని పుల్లలు పడతాయో తేదీ వేసి రాసిపెట్టుకోండి. పెదాలు లాగి ఒక ఫోటో కూడా తీయండి.

ఇక వేలు మాన్పించడం. పళ్ళు కదలడానికి ఎంత గట్టిగా చీకింది అన్నదానికంటే ఎంతసేపు అన్నదే ముఖ్యం. రోజుకు సుమారు 6 గంటలు దాటిన ఒత్తిడే పళ్ళను కదిలిస్తుందని మా అంచనా. రెండు రోజులు గడియారం చూసి లెక్క రాయండి. ఉదాహరణకి టీవీ ముందు 2 గంటలు, మధ్యాహ్నం కునుకులో గంటన్నర, రాత్రి నిద్రలో వేలు జారిపోయేలోపు మొత్తం 4 గంటలు అనుకుందాం. ఏడున్నర అయింది. టీవీ, కునుకు రెండూ తగ్గితే 4 గంటలకు దిగుతుంది. రాత్రిపూట వేలు ఇంకా పోకపోయినా పళ్ళకు అప్పటికే ఊరట మొదలవుతుంది. అందుకే రాత్రితో మొదలుపెట్టొద్దు. ముందు పగలు.

టీవీ సమయంలో రెండు చేతులకూ పని ఉండాలి. వేరుశనగలు ఒలవడం, పూసలు గుచ్చడం లాంటివి ఇవ్వండి. వేలు నోట్లోకి వెళ్ళినప్పుడు “తియ్యి!” అని అరిస్తే దిగులు పెరిగి మళ్ళీ వేలే కావాలంటుంది. తమ్ముడు పుట్టాక ఎక్కువైందా? అలా అయితే వాడు పడుకున్నాక పాపకి మాత్రమే ఓ పావుగంట ఇవ్వడం ఏ మందుకన్నా బాగా పనిచేస్తుంది. గోడకు క్యాలెండర్ కట్టి, వేలు లేకుండా టీవీ చూసిన ప్రతి రోజుకీ పాపే బొట్టు అతికించాలి. వారానికి 5 బొట్లు వస్తే తనకిష్టమైనది ఒకటి. మొదటి వారమే 7 అడగొద్దు.

పగలు కుదిరాక, సుమారు రెండు మూడు వారాలకి, రాత్రికి రండి. పాప “నేను మానేస్తా, సాయం చెయ్యి” అనే స్థితిలో ఉంటేనే ఇది పనిచేస్తుంది. శిక్షలా చుడితే చింపేస్తుంది. 3 అంగుళాల క్రేప్ బ్యాండేజీని పల్చటి నూలు చొక్కా చేయి మీద, మోచేతికి బెత్తెడు పైనుంచి బెత్తెడు కింది వరకు వదులుగా చుట్టండి. కింద మీ రెండు వేళ్ళు సులువుగా దూరాలి. చేయి మడిచినప్పుడు కొద్దిగా బిగిసి గుర్తుచేస్తుంది. నిద్ర పట్టగానే చేయి సాగి వేలు బయటికి వచ్చేస్తుంది. గంట తర్వాత చేతివేళ్ళు చల్లబడ్డాయా, నీలంగా ఉన్నాయా చూడండి. అలా ఉంటే వెంటనే విప్పేయాలి. ముందు ఓ పగలు ఆటగా చుట్టి చూపించండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు వరసగా సాగాలి. మధ్యలో జ్వరం వచ్చినా, పెళ్ళికి ఊరెళ్ళినా వేలు తిరిగి వస్తుంది. మళ్ళీ మొదలుపెట్టడమే.

వేపనూనె గురించి అత్తగారికి గట్టిగానే చెప్పండి. వేపాకు చేదు వేరు, వేపనూనె వేరు. చిన్నపిల్లలు వేపనూనె మింగితే వాంతులు, మూర్ఛలు వచ్చిన సందర్భాలు వైద్యంలో నమోదయ్యాయి. వేలికి రాసిందంతా నేరుగా పొట్టలోకే వెళ్తుంది. మిరపకాయ ముద్ద కూడా వద్దు, నిద్రలో ఆ వేలితోనే కళ్ళు నలుపుకుంటుంది.

‘స’ పలకకపోవడానికి ఇప్పుడే ప్రత్యేకంగా శిక్షణ అక్కర్లేదు. ముందు సందులోంచి నాలుక బయటికి జారితే ఆ అక్షరం ఒడియాలోనైనా తెలుగులోనైనా తేడాగా వస్తుంది. నాలుగేళ్ళ వయసుకు చాలామందికి అది ఎలాగూ పూర్తిగా కుదరదు. సందు పూడిన తర్వాత కూడా అలాగే ఉంటే చూపించాలి.

పైన చెప్పినట్టు కుడివైపు క్రాస్ బైట్, దవడ తప్పుకోవడం కనిపిస్తే నెలా రెండు నెలల్లో బరంపురం గానీ విశాఖ గానీ వెళ్ళి పిల్లల దంత వైద్యులను కలవండి. ఫోటోలు, లెక్కల కాగితం వెంట తీసుకెళ్ళండి. కొంతమందికి పాల కోరపళ్ళ కొనలు కొద్దిగా అరగదీస్తే దవడ జారడం ఆగిపోతుంది. పై దవడ నిజంగా ఇరుకైతే, వెనక పళ్ళకు రింగులతో అతికించిన ఒక తీగ పెట్టి మెల్లగా వెడల్పు చేస్తారు. వెడల్పు చేయడానికి రెండు మూడు నెలలు, మళ్ళీ వెనక్కి పోకుండా ఇంకో మూడు నెలలు. ఆ తీగకే ముందు వైపు చిన్న కంచె జోడిస్తే వేలు అంగిలికి ఆనే సుఖం పోతుంది. అది కూడా పాప ఒప్పుకున్నాకే. ఒప్పుకోని బిడ్డకి పెడితే తిండి మానేసి పోరాడుతుంది, డబ్బు వృథా. దూరం నుంచి వస్తున్నామని, నెలకొకసారే రాగలమని ముందే చెప్పండి.

ఒకటి గుర్తుంచుకోండి. వేలు పూర్తిగా మానేసి 6 నెలలైనా పుల్లల లెక్క తగ్గకపోతే, మింగేటప్పుడు నాలుక ఆ సందులోకి తోసుకొస్తోందేమో, లేదా ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు అనే కండ పెరగడం వల్ల నోటితో గాలి పీల్చుకుంటోందేమో చూడాలి. రాత్రి గురక, నోరు తెరిచి నిద్ర ఉంటే ముందు ఈ.ఎన్.టి. డాక్టర్‌ని చూపించాలి.

బాబు విషయానికొస్తే, 8 నెలలకి పీక ఉండటం తప్పేమీ కాదు. కానీ ఇప్పటినుంచే పగటిపూట తీసేసి నిద్రకు మాత్రమే ఉంచండి. ఆరు నెలలు దాటాక పగలంతా పీక నోట్లో ఉండే పిల్లలకు చెవిపోటు ఎక్కువగా వస్తుంది. ఏడాది దాటాక నిద్ర పట్టగానే తీసేయండి, రెండేళ్ళలోపు పూర్తిగా మాన్పించండి. మూడేళ్ళు మాత్రం దాటొద్దు. పాపకి జరిగినట్టు ఒక్కసారిగా లాక్కుంటే చెయ్యి ఖాళీగా ఉండదు, వేలు నోట్లోకి పోతుంది. నిద్రకు పీక బదులు ఒక మెత్తని గుడ్డబొమ్మ అలవాటు చేస్తూ వారాల మీద తగ్గించండి, కానీ బొమ్మను ఏడాది నిండాకే పక్కలో పెట్టండి. పీకను తాడుతో మెడకు కట్టొద్దు, దాని చుట్టూ ఉండే బిళ్ళ నోటికంటే పెద్దదిగా ఉండాలి. పేరు తేనెపీక అయినా దానికి తేనె అద్దొద్దు. ఏడాదిలోపు పిల్లలకు తేనె వల్ల బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.