పాత పేకాట కేసు వార్తను ఆన్‌లైన్ నుంచి తీయించవచ్చా?

ప్రశ్న: పదేళ్ల క్రితం గుంటూరులో పేకాట ఆడుతూ దొరికి జరిమానా కట్టాను. నా పేరు వెతికితే ఇప్పటికీ ఆ వార్తే వస్తోంది. తీయించవచ్చా?

వార్తను పూర్తిగా చెరిపేయమంటే పత్రికలు సాధారణంగా ఒప్పుకోవు. ఒప్పుకోకూడదు కూడా. ఆ రోజు పోలీసు దాడి జరిగిందన్నది నిజం, అది ఊరి చరిత్రలో భాగం. కానీ కోర్టు వేసిన చిన్న జరిమానాకు పెళ్లి సంబంధాల్లో, ఉద్యోగాల్లో జీవితాంతం శిక్ష అనుభవించడం అన్యాయం. అందుకే వార్త ఉండనిచ్చి, పేరుతో వెతికితే దొరకకుండా చేయమనండి. 2014లో ఐరోపా న్యాయస్థానం గూగుల్‌పై ఇచ్చిన తీర్పు దారి ఇదే: పత్రికలోని పాత ప్రకటన అలాగే ఉంది, పేరుతో వెతికితే వచ్చే లింకు మాత్రం తొలగించాలంది. మన దగ్గర 2021లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా తేలిన ఒకరి విషయంలో ఇలాంటి మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మీరు జరిమానా కట్టారు కనుక అది నేరుగా వర్తించదు.

కేసు ముగిసినట్టు కోర్టు నుంచి ధ్రువీకృత నకలు తీసుకోండి. వార్త లింకుతో కలిపి పత్రిక ఫిర్యాదుల అధికారికి పంపి, పేరు తీసేయమని, లేదా సెర్చ్ ఫలితాల్లో చూపవద్దని గూగుల్ వంటి వాటికి చెప్పే ఈ వరుసను ఆ పేజీ కోడ్‌లో పెట్టమని కోరండి:

```
<meta name="robots" content="noindex">
```

2021 ఐటీ నిబంధనల ప్రకారం వారు 15 రోజుల్లో ఫిర్యాదును తేల్చాలి. మార్పు జరిగాక కూడా పాత ఫలితం కనిపిస్తుంటే, కాలం చెల్లిన ఫలితాలను తొలగించమని గూగుల్‌ను కోరవచ్చు. ఇతర వెబ్‌సైట్లలోని నకళ్లకు మాత్రం మళ్లీ విడివిడిగా రాయాలి.