పెద్ద గడ్డను వదిలేసి చిన్నదానికి సూది పరీక్షా?

ప్రశ్న: నా వయసు 43. వేరే కారణంతో మెడకు స్కానింగ్ తీస్తే థైరాయిడ్‌లో రెండు గడ్డలు బయటపడ్డాయి. కుడివైపుది 32 మి.మీ., రిపోర్టులో స్పాంజిఫార్మ్, టీఆర్1 అని రాశారు. ఎడమవైపుది 11×9×10 మి.మీ., సాలిడ్, హైపోఎకోయిక్, టాలర్ దేన్ వైడ్, లాబ్యులేటెడ్ మార్జిన్, టీఆర్5 అని ఉంది. టీఎస్‌హెచ్ 2.1. పెద్దదాన్ని ముట్టుకోనక్కర్లేదట, చిన్నదానికి సూది పరీక్ష చేయించుకోమన్నారు. రిపోర్టులో కుడి ఎడమలు తారుమారయ్యాయేమోనని అనుమానంగా ఉంది.

సమాధానం: తారుమారు కాలేదండీ. రిపోర్టు చేతికి రాగానే అందరి చూపూ మిల్లీమీటర్ల మీదికే పోతుంది. స్కానింగ్ చేసే డాక్టరు మాత్రం గడ్డ ఎలా కనిపిస్తోందన్నది ముందు చూస్తారు, ఎంత ఉందన్నది ఆ తర్వాతే. పైకి అనుమానం కలిగించని గడ్డ పెద్దదైనా ఊరుకోవచ్చు. బాగా అనుమానంగా కనిపించే గడ్డ సెంటీమీటరు ఉంటే చాలు, సూది వేసి కొన్ని కణాలు తీసి పరీక్షించాల్సిందే.

మీ రిపోర్టులోని టీఆర్ అన్నది టిరాడ్స్ అనే పద్ధతిలో ఇచ్చే గ్రేడు. అమెరికా రేడియాలజీ కాలేజీ 2017లో ప్రచురించిన ఈ పద్ధతిలో గడ్డకు ఐదు విషయాల్లో పాయింట్లు వేస్తారు: లోపల ఉన్నది నీరా కండా, ఎంత నల్లగా ఉంది, ఏ ఆకారంలో ఉంది, అంచు ఎలా ఉంది, లోపల తెల్లటి చుక్కలేమైనా ఉన్నాయా. పాయింట్లన్నీ కలిపితే గ్రేడు వస్తుంది. సూది వేయాలా వద్దా అని తేల్చడానికి, ఆ గ్రేడు తెలిశాకే సైజు చూస్తారు.

ముందు కుడివైపు గడ్డ సంగతి. స్పాంజిఫార్మ్ అంటే స్పాంజిలా ఉన్నది. గడ్డలో సగానికి పైగా చిన్న చిన్న నీటి గదులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే ఆ పేరు పెడతారు. స్కానింగ్ తెర మీద చూస్తే తేనెపట్టు ముక్కలా ఉంటుంది. ఇలా కనిపించే గడ్డలో క్యాన్సర్ ఉండటం చాలా అరుదు. అందుకే దీనికి సున్నా పాయింట్లు. అది 32 మి.మీ. ఉన్నా, ఇంకా పెద్దదైనా కేవలం సైజు చూసి సూది వేయరు.

ఇక్కడ ఒక తికమక ఉంది. ఆ చిన్న నీటి గదుల వెనక గోడలు అల్ట్రాసౌండ్ తరంగాలను గట్టిగా తిప్పి పంపుతాయి కాబట్టి తెర మీద తెల్లటి గీతల్లా, చుక్కల్లా మెరుస్తాయి. అలవాటు లేని కంటికి అవి క్యాన్సర్‌లో కనిపించే సున్నపు చుక్కల్లాగే ఉంటాయి. ఈ పొరపాటు జరగకూడదనే, గడ్డ స్పాంజిఫార్మ్ అని తేలితే మిగతా విషయాలకు పాయింట్లు కలపవద్దని ఆ పద్ధతిలోనే రాసిపెట్టారు. ఎవరైనా మీ కుడివైపు గడ్డలో తెల్ల చుక్కలున్నాయని చెబితే, అవి నీటి గదుల గోడలా, నిజంగా సున్నమా అని అడగండి.

ఇక అసలు విషయమైన ఎడమవైపు గడ్డ. సాలిడ్ అంటే లోపల నీరు లేకుండా అంతా కండే. దానికి 2 పాయింట్లు. హైపోఎకోయిక్ అంటే చుట్టూ ఉన్న మామూలు థైరాయిడ్ కంటే నల్లగా కనిపించడం. దానికీ 2. మామూలు థైరాయిడ్‌లో కొల్లాయిడ్ అనే జిగురు నిండిన సూక్ష్మమైన సంచులు లెక్కలేనన్ని ఉంటాయి. ప్రతి సంచి గోడా తరంగాలను కొంత వెనక్కి పంపుతుంది కాబట్టి గ్రంథి లేత బూడిద రంగులో కనిపిస్తుంది. సంచులు లేకుండా కణాలే కిక్కిరిసిన చోట తిరిగొచ్చేది తక్కువ, అందుకే నలుపు. నలుపుంటే క్యాన్సరేనని కాదు, మామూలు గడ్డల్లో కూడా చాలావి నల్లగానే ఉంటాయి. థైరాయిడ్‌కు వచ్చే దీర్ఘకాలపు వాపైన హషిమోటో థైరాయిడైటిస్ ఉన్నవాళ్లలో గ్రంథి మొత్తం నల్లబడిపోతుంది గనక, గడ్డను దేనితో పోల్చాలో తెలియక రేడియాలజిస్టులే తడబడతారు. మెడలోని కండరాల కంటే కూడా నల్లగా ఉంటే మాత్రం పాయింట్లు 3 అవుతాయి. మీది అంత దూరం వెళ్లలేదు.

లాబ్యులేటెడ్ మార్జిన్ అంటే అంచు నున్నగా లేకుండా చిన్న చిన్న బుడిపెలుగా పక్కకు పొడుచుకొచ్చిందని. దానికి 2. అంచు మసగ్గా ఉండి ఎక్కడ ముగుస్తుందో తెలియకపోవడం వేరే సంగతి, దానికి సున్నా. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి కానీ, మసక అంచు మామూలు గడ్డల్లోనూ చాలా తరచుగా కనిపిస్తుంది.

ఇప్పటికి 6 పాయింట్లు. ఇక్కడితో ఆగితే మీ గడ్డ టీఆర్4లోనే ఉండేది. టీఆర్4కి 15 మి.మీ. ఉంటేనే సూది. 11 మి.మీ. గడ్డకైతే ఏడాది తర్వాత మళ్లీ స్కానింగ్ తీసి చూద్దామని పంపించేసేవారు. మీ కథ మలుపు తిరిగింది టాలర్ దేన్ వైడ్ అన్న మూడు మాటల దగ్గర. వాటికి 3 పాయింట్లు. మొత్తం 9 అయింది. 7 గానీ అంతకు మించి గానీ వస్తే టీఆర్5, టీఆర్5కి 10 మి.మీ. చాలు.

ఈ ఆకారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. స్కానింగ్ ప్రోబును మెడకు అడ్డంగా పెట్టినప్పుడు కనిపించే బొమ్మలో, చర్మం నుంచి వెన్ను వైపుకు గడ్డ ఎంత లోతుందో ఒక కొలత, ఎడమ నుంచి కుడికి ఎంత వెడల్పుందో ఇంకో కొలత తీస్తారు. మామూలు గడ్డలు కణజాలపు పొరల వెంట పక్కకు పెరుగుతాయి, పైగా ప్రోబుతో అదిమితే కాస్త చదునవుతాయి. క్యాన్సర్ గడ్డ గట్టిగా ఉంటుంది, పొరలను లెక్కచేయకుండా చీల్చుకుంటూ లోతుకు దూసుకుపోతుంది. అందుకే లోతు వెడల్పును మించితే అనుమానించాలి. మీ రిపోర్టులో లోతు 11, వెడల్పు 9 అయి ఉండొచ్చు. అలాగైనా తేడా 2 మి.మీ. మాత్రమే. ప్రోబు కాస్త వాలినా, కొలత గుర్తు అంచు దాటి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పడినా ఈ లెక్క మారిపోగలదు. మూడు అంకెలను ఏ వరసలో రాయాలన్నది కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పొడవును లోతు అనుకుంటే తప్పే.

అందుకని పరీక్ష మానేయమని కాదు. సూది పరీక్షను స్కానింగ్ చూస్తూనే చేస్తారు కదా, ఆ రోజు సూది పట్టే డాక్టరును ముందు అడ్డంగా ఒకసారి కొలవమని అడగండి. లోతే ఎక్కువని మళ్లీ వస్తే ఇక సందేహం లేదు. వెడల్పే ఎక్కువని వస్తే, ఇప్పుడే సూది వేయాలా, ఆగి చూడొచ్చా అని ఆయనతో మాట్లాడుకోవచ్చు.

మీ రిపోర్టులో లేని మాట ఒకటుంది. పంక్టేట్ ఎకోజెనిక్ ఫోసై, అంటే ఇసుక రేణువుల్లాంటి తెల్ల చుక్కలు. అవి ఉండి ఉంటే ఇంకో 3 పాయింట్లు కలిసేవి. థైరాయిడ్‌లో ఎక్కువగా వచ్చే రకమైన పాపిల్లరీ క్యాన్సర్‌లో ఏర్పడే సూక్ష్మమైన సున్నపు రేణువులు ఇలా కనిపిస్తాయి. వీటిని కొల్లాయిడ్ చుక్కల నుంచి విడదీయడానికి తోకను చూస్తారు. చుక్క కింద త్రికోణంలా సన్నబడుతూ దిగే వెలుగు తోక పెద్దగా ఉంటే అది కొల్లాయిడ్, భయం లేదు. తోక లేకుండా ఒట్టి చుక్కగా ఉంటే అనుమానం. డాప్లర్‌లో గడ్డలోకి రక్తం ఎక్కువగా పోతోందని రాసి భయపెట్టే రిపోర్టులు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. ఈ లెక్కలో దానికి ఒక్క పాయింటు కూడా లేదు.

టీఆర్5 అంటే క్యాన్సర్ అని తేలిపోయినట్టు కాదు. ఇలాంటి గడ్డల్లో క్యాన్సర్ అయ్యే అవకాశం 20 శాతానికి పైన ఉంటుందని అర్థం. మీ టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది. అది తక్కువగా ఉండి ఉంటే, గడ్డ తనంతట తానే హార్మోను తయారు చేస్తోందేమో తెలుసుకోవడానికి ముందు థైరాయిడ్ న్యూక్లియర్ స్కాన్ చేయించేవాళ్లు. హార్మోను తయారు చేసే గడ్డల్లో క్యాన్సర్ అరుదు, సూది అవసరం సాధారణంగా రాదు.

పరీక్షకు వెళ్లేముందు రిపోర్టులో మెడలోని లింఫ్ గ్రంథుల గురించి రాశారో లేదో చూడండి. రాయకపోతే చూడమని అడగండి. లింఫ్ గ్రంథి గుండ్రంగా ఉబ్బి, లోపల నీటి గదులో సున్నపు చుక్కలో కనిపిస్తే దానికి కూడా సూది వేయాలి. అప్పుడు థైరాయిడ్ గడ్డ సెంటీమీటరు లోపున్నా మినహాయింపు ఉండదు.

సూది మామూలు ఇంజెక్షన్ సూది కన్నా సన్నగా, 25 లేదా 27 గేజ్‌ది ఉంటుంది. రెండు నుంచి నాలుగుసార్లు వేస్తారు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా మానేయకండి. ఫలితం బెథెస్డా అనే పద్ధతిలో 1 నుంచి 6 వరకు అంకెగా వస్తుంది. 1 అంటే సరిపడా కణాలు రాలేదని మాత్రమే, మళ్లీ తీయాలి. 2 అంటే క్యాన్సర్ లక్షణాలు లేవని, 6 అంటే క్యాన్సర్ అని. 3, 4 వస్తే సూదితో తేలలేదని అర్థం. ముఖ్యంగా ఫాలిక్యులర్ రకం గడ్డల్లో క్యాన్సరా కాదా అన్నది, అవి పైపొరను చీల్చుకుని బయటకు వచ్చాయా అన్నదాన్ని బట్టి తేలుతుంది. సూదికి చిక్కిన విడి కణాల్లో అది కనిపించదు.

మీకు 2 వచ్చినా సంబరపడి ఫైలు మూసేయకండి. స్కానింగ్‌లో ఇంత అనుమానంగా కనిపించి, సూదిలో ఏమీ లేదంటే ఆ రెండింటికీ పొంతన కుదరలేదన్నమాట. సూది మొన పక్క కణజాలంలో పడి ఉండొచ్చు. ఏడాదిలోపు మళ్లీ స్కానింగ్, మళ్లీ సూది పరీక్ష చేయించుకోవాలి.

కుడివైపు గడ్డకు సూది అక్కర్లేదని చెప్పాను కానీ, అది 32 మి.మీ. ఉంది. మింగేటప్పుడు అడ్డుపడుతున్నట్టుంటే, పడుకున్నప్పుడు ఊపిరి బిగబట్టినట్టుంటే ఎండోక్రైన్ సర్జన్‌కు చూపించండి. అలాంటి ఇబ్బంది ఉంటే గడ్డకు ఎన్ని పాయింట్లొచ్చాయన్నది వాళ్లు చూడరు.