ఓనర్ దివాలా తీస్తే అద్దె, డిపాజిట్ సంగతి

«ఓనర్ దివాలా తీశారు. ఆరు నెలల అద్దె డిపాజిట్‌గా ఇచ్చాను. ఇక అద్దె ఆపేయొచ్చా?»

ఆపకండి సార్. దివాలాతోనే లీజు సాధారణంగా రద్దు కాదు. అద్దె ఇప్పుడు, ఓనర్ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చడానికి నియమించిన అధికారికి, అంటే లిక్విడేటర్‌కు చేరాలి. ఆయన నియామక ఉత్తర్వు కాపీ అడిగి తీసుకున్నాకే కొత్త ఖాతాలో వేయండి. మీరు ఆపితే బకాయి పేరుతో ఖాళీ చేయించే వీలు దొరుకుతుంది.

ముందు డిపాజిట్ ఏ ఖాతాలో పడిందో చూడండి. విడిగా ట్రస్టు ఖాతాలో ఉంటే అది మీ సొమ్మే. ఓనర్ సొంత డబ్బులో కలిసిపోతే, తనఖా బ్యాంకుల తర్వాత మామూలు అప్పులవాళ్ల వరుసలో మీరుంటారు. అక్కడ రూపాయికి 20 పైసలే పంచితే, ఆరు నెలల డిపాజిట్‌కు నెల అద్దె కంటే కాస్త ఎక్కువే చేతికొస్తుంది.

లీజు ముగియలేదని ఆగకుండా, అప్పులవాళ్లకు లిక్విడేటర్ ఇచ్చే నోటీసులోని గడువులోపే ఒప్పందం, రశీదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో క్లెయిమ్ వేయండి. డిపాజిట్‌ను అద్దెలో సర్దుబాటు చేసుకోవాలంటే లిక్విడేటర్ రాతపూర్వక అంగీకారం తప్పనిసరిగా తీసుకోండి.